సత్యనారాయణ వ్రతం: కథ ఇంటివాళ్లే చదవాలి

ప్రశ్న: వచ్చే పౌర్ణమికి ఇంట్లో సత్యనారాయణ స్వామి వ్రతం చేసుకుందామనుకుంటున్నాం. ఏమేమి సామాను సిద్ధం చేసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

పసుపు, కుంకుమ, కర్పూరం, అగరువత్తుల దగ్గర ఎవరికీ ఇబ్బంది రాదు. పూజా సామాను దుకాణంలో వ్రతం పేరు చెబితే ఆ పొట్లం వాళ్లే కట్టి ఇస్తారు. ఎప్పుడూ తక్కువ పడేది తమలపాకులు. పీట మీద కొత్త తువ్వాలు పరిచి, బియ్యం పోసి, మధ్యలో కలశం పెడతాం కదా. ఆ బియ్యం మీదే నవగ్రహాలకు, అష్టదిక్పాలకులకు, పంచలోకపాలకులకు ఆకులు వేయాలి. అవే ఇరవై రెండు స్థానాలు. మా వైపు పురోహితులు ప్రతి గ్రహానికీ అధిదేవతను, ప్రత్యధిదేవతను కూడా ఆవాహన చేస్తారు కాబట్టి ఇంకో పద్దెనిమిది కలిపి మొత్తం నలభై అవుతాయి. ఒక్కో చోట రెండేసి ఆకులంటే అక్కడికే ఎనభై. ఆ పైన స్వామికి తాంబూలం, పురోహితుడికి, ముత్తైదువులకు తాంబూలాలు. అందుకని నూట యాభై ఆకులు తెచ్చుకోండి. వక్కలు, ఖర్జూరాలు, చిల్లర నాణేలు స్థానానికి ఒకటి చొప్పున నలభై ఉంటే చాలు. పూజ మధ్యలో ఇంట్లో ఒకరు ఆకుల కోసం బజారుకు పరుగెత్తడం చాలా ఇళ్లలో చూశాను.

రోజు విషయంలో ఒక్క మాట. కథలోనే ఈ వ్రతాన్ని సాయంసంధ్య వేళ చేయమని ఉంది. కాబట్టి సాయంకాలానికి పౌర్ణమి ఉన్న రోజు చూసుకోవాలి. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు తిథి మొదలై గురువారం మధ్యాహ్నానికి వెళ్లిపోతోందనుకోండి. సూర్యోదయాన్ని బట్టి క్యాలెండరులో పౌర్ణమి అని గురువారం గడిలో కనిపించవచ్చు. సాయంత్రం వ్రతం చేసేవాళ్లకు మాత్రం బుధవారమే సరైనది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది కథ గురించి. సామాను ఒకటి తక్కువైతే అక్షతలతో సరిపెట్టవచ్చు. కథ వినకపోతే దేనితోనూ సరిపెట్టలేం. ఈ రోజుల్లో కార్తిక పౌర్ణమికి ఒక్కో పురోహితుడు ఎన్ని ఇళ్లు ఒప్పుకుంటున్నారో చెప్పనక్కరలేదు. నిరుడు మా బంధువుల ఇంట్లో ఒకాయన ఐదు అధ్యాయాలనూ పావుగంటలో ముగించారు. అధ్యాయానికొక కొబ్బరికాయ కొట్టిన చప్పుడు తప్ప పీటల మీద కూర్చున్న దంపతులకు ఒక్క ముక్క చెవిన పడలేదు. వచ్చినవాళ్లు వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు నిజంగా బాధ కలిగింది. పురోహితుడిని తప్పకుండా పిలవండి, కలశ స్థాపన, షోడశోపచార పూజ ఆయన చేతుల మీదుగానే జరగనివ్వండి. కథ మాత్రం తెలుగులో, ఇంటివాళ్లలో ఒకరు, అర్థమయ్యేలా చదవాలి. ముందే చెబితే ఏ పురోహితుడూ కాదనరు.

కాకినాడలో మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం తువ్వాలు మీద పెట్టుకుని, చిన్నపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టుకునేది. ఒక కార్తిక పౌర్ణమినాడు నాలుగో అధ్యాయం చదువుతోంది. సాధువనే వర్తకుడు పడవ నిండా ధనంతో ఇంటికి బయలుదేరతాడు. స్వామి సన్యాసి రూపంలో వచ్చి పడవలో ఏముందని అడిగితే, ఎక్కడ ఏమైనా అడుగుతాడోనని, ఆకులూ అలములూ ఉన్నాయంటాడు. అలాగే అగుగాక అని స్వామి వెళ్లిపోతాడు. కాసేపటికి వర్తకుడు చూస్తే పడవ నీటిలో పైకి తేలి ఉంది. అత్త అక్కడ ఆగి, పడవ ఎందుకు తేలిందర్రా అని పిల్లలను అడిగింది. మా అన్నయ్య కొడుకు, రెండో తరగతి వాడు, బరువు పోయింది కదా, ఆకులే ఉన్నాయి కదా అన్నాడు. గదిలో అందరూ ఒక్కసారి తలెత్తారు. ఆ తర్వాత చివరిదాకా ఎవరూ కదల్లేదు. పావుగంట కథకు ముప్పావుగంట పట్టింది, అంతే. వాడిప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కథ మొత్తం చూడకుండా చెబుతాడు.

ఆ వర్తకుడు చేసిన మొదటి తప్పు అబద్ధం కాదు, వాయిదా. సంతానం కలిగితే వ్రతం చేస్తానని మొక్కుకుంటాడు. కళావతి పుట్టాక, పెళ్లినాడు చేద్దామంటాడు. పెళ్లయ్యాక అదీ మరిచిపోతాడు. మీరు మొక్కుకుని ఉంటే ఇల్లు సర్దుకున్నాక, పిల్లల పరీక్షలయ్యాక అని జరపకండి.

ప్రసాదం సంగతికి వద్దాం. అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమ పిండి, పంచదార అని కథ చెబుతుంది. గోధుమ దొరకకపోతే బియ్యప్పిండి, పంచదార లేకపోతే బెల్లం వాడవచ్చట. కొలత ఒకటింబావు. పెద్దవాళ్లు శేరుంబావు ప్రసాదం అనేది అందుకే. చిన్న కుటుంబమైతే గ్లాసుతో కొలుచుకోండి. గ్లాసుంబావు బొంబాయి రవ్వను నేతిలో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. పాలూ నీళ్లూ కలిపి మూడున్నర గ్లాసులు పక్క పొయ్యి మీద మరుగుతూ ఉండాలి. అవి పోస్తూ ఉండ కట్టకుండా కలిపి, రవ్వ పూర్తిగా మెత్తబడ్డాకే గ్లాసుంబావు పంచదార వేయాలి. ముందే వేస్తే రవ్వ ఇక ఉడకదు, పలుకులు పలుకులుగా పంటికి తగులుతుంది. ఆ పైన అరటిపండు ముక్కలు, ఏలకుల పొడి. నెయ్యి గ్లాసుంబావు కొలిచి పెట్టుకుంటే, మా ఇంట్లో ముప్పావు గ్లాసు ప్రసాదంలోకి, మిగిలింది దీపానికీ పంచామృతానికీ వెళుతుంది. బెల్లం వేసేవాళ్లు రవ్వను నీళ్లలోనే ఉడికించండి. వేడి పాలలో బెల్లం పడితే విరిగిపోవచ్చు. నివేదనకు ముందు రుచి చూడకూడదు కాబట్టి చేతి అంచనాను నమ్ముకోకుండా కొలతను నమ్ముకోవాలి. అన్నవరం కొండ మీద గోధుమ నూకతో చేసి విస్తరాకు పొట్లంలో ఇచ్చే ప్రసాదం రుచి ఇంట్లో రావాలని చాలామంది ఆశపడతారు. అలాంటి రుచి కావాలంటే బొంబాయి రవ్వ కాకుండా గోధుమ నూక తీసుకోండి, నీళ్లు ఇంకాస్త ఎక్కువ పడతాయి.

పంచడంలో తేడాలు చూపకండి. కళావతి భర్త వచ్చాడన్న సంతోషంలో ప్రసాదం వదిలేసి పరుగెత్తుతుంది, అతని పడవ కనబడకుండా పోతుంది. ఐదో అధ్యాయంలో తుంగధ్వజుడనే రాజు, పెట్టినవాళ్లు గోపాలకులని ప్రసాదం ముట్టకుండా వెళ్లి సర్వం పోగొట్టుకుంటాడు. ఈ రెండూ చదివిన ఇంట్లోనే బంధువులకు వెండి గిన్నెలో, కాపలాదారుకు మిగిలిపోయింది కాగితంలో ఇవ్వడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. స్వామికి నివేదించిన గిన్నెలోంచే అందరికీ పెట్టండి. పనిచేసే అమ్మాయి కుటుంబాన్ని కథకే పిలవండి, వాళ్లూ వింటారు. హారతి కాగానే పొట్లాలు కట్టడం మొదలుపెట్టండి, పిల్లలతో పై అంతస్తుల వాళ్లకూ పంపించండి. పాలూ అరటిపండూ పడిన ప్రసాదం తెల్లారేసరికి పులుపెక్కుతుంది, ఆ రాత్రికే గిన్నె ఖాళీ కావాలి.