కొత్త అక్వేరియంలో చేపలు వరుసగా చనిపోతున్నాయి.. ఏ మందు వేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు పుట్టినరోజుకి రెండు అడుగుల అక్వేరియం కొన్నాం. అదే రోజు మూడు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్స్, ఆరు గప్పీలు వేశాం. నాలుగు రోజులు చక్కగా తిరిగాయి. ఐదో రోజు నుంచి పైకి వచ్చి నోరు తెరుస్తూ ఒక్కొక్కటీ చనిపోతున్నాయి. షాపతను చెబితే నీళ్లన్నీ తీసేసి, రాళ్లు, ఫిల్టర్ కుళాయి కింద బాగా కడిగి, నీలం మందు వేశాం. అయినా ఆగలేదు. ఇప్పుడు ఒక గోల్డ్‌ఫిష్, మూడు గప్పీలు మిగిలాయి. ఇది ఏం జబ్బు? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది అంటుజబ్బులా లేదు. చేపలు చనిపోయింది నీటిలో చేరిన అమ్మోనియా వల్ల అయి ఉంటుంది. అందుకే మందు పనిచేయలేదు.

చేప మొప్పల ద్వారా రోజంతా అమ్మోనియాను వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే తయారవుతుంది. చెరువులో అయితే దాన్ని మార్చే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొద్దిగా ఉన్నా చేప తట్టుకుంటుంది. మొదటి రెండూ తక్కువ మోతాదులో కూడా విషమే. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. ఫిల్టర్ స్పాంజికి, రాళ్లకి అంటుకుని అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే ట్యాంక్ సైక్లింగ్ అంటారు. మొదటి నాలుగు రోజులు చేపలు బాగున్నాయంటే నీళ్లు బాగున్నాయని కాదు, అమ్మోనియా ఇంకా పేరుకోలేదని.

రాళ్లు, ఫిల్టర్ కుళాయి కింద కడగడం వల్ల అప్పుడప్పుడే మొదలైన ఆ కాస్త బ్యాక్టీరియా కూడా క్లోరిన్‌కి చచ్చిపోయింది. షాపుల్లో ఇచ్చే నీలం మందు ఎక్కువగా మిథిలీన్ బ్లూ. దానికి కూడా ఈ బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది. అంటే మీ ట్యాంక్ మళ్లీ మొదటి రోజుకి వచ్చింది. ఇంకో మాట, మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ 7 నీటిలో కంటే 8 నీటిలో దాని విషప్రభావం దాదాపు పదింతలు. వేడి పెరిగినా పెరుగుతుంది.

నా మాట నమ్మి ఊరుకోకుండా టెస్ట్ చేసి చూసుకోండి. చుక్కల మందుతో వచ్చే అమ్మోనియా, నైట్రైట్ కిట్లు అక్వేరియం షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాగితం స్ట్రిప్పులు కొనేముందు చూసుకోండి, చాలావాటిలో అమ్మోనియా టెస్ట్ ఉండదు. గాజు గొట్టంలో ట్యాంక్ నీళ్లు పోసి చుక్కలు వేసి, చెప్పినంతసేపు ఆగితే రంగు వస్తుంది. చాలా కిట్లలో పసుపు అంటే సున్నా, ఆకుపచ్చకి తిరిగేకొద్దీ అమ్మోనియా ఉన్నట్టు.

ఇప్పుడు మిగిలిన నాలుగింటి సంగతి. మీ ట్యాంక్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే రాళ్లు పోను 50 లీటర్ల నీళ్లు పడతాయి. గోల్డ్‌ఫిష్‌కి అది చాలదు. అది సరిగ్గా పెరిగితే జానెడు దాటుతుంది, పైగా చాలా మలినం వదులుతుంది. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇచ్చేయండి, లేదా షాపులో తిరిగి ఇవ్వండి. బాబు బాధపడతాడని తెలుసు, కానీ దాన్ని ఉంచుకుంటే గప్పీలు కూడా దక్కవు.

గప్పీలకు రెండు రోజులు మేత ఆపేయండి, ఆకలితో చావవు. ఆ తర్వాత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత చిటికెడు మాత్రం వేయండి. రోజూ టెస్ట్ చేసి, అమ్మోనియా లేదా నైట్రైట్ 0.25 పీపీఎం దాటితే అదే రోజు పావు వంతు నీళ్లు, అంటే 12 లీటర్లు మార్చండి. బాగా ఎక్కువ ఉంటే సగం మార్చండి. కొత్త నీళ్లలో ముందే యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసినంత కలపండి, చేత్తో ముట్టి చూస్తే ట్యాంక్ నీళ్లంత వేడిగానే ఉండాలి. ఫిల్టర్ పగలూ రాత్రీ ఆపకూడదు. కరెంట్ బిల్లు అని రాత్రి స్విచ్ ఆపేస్తే స్పాంజిలో ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చిపోతుంది. స్పాంజి మురికి పడితే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండండి.

రెండు, మూడు వారాల్లో అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. ఇక బాగయింది అనుకున్న సమయంలో మళ్లీ చావులు మొదలయ్యేది ఇక్కడే. నైట్రైట్ చేప రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని పాడుచేస్తుంది, మొప్పలు ఎర్రగా కాక గోధుమ రంగుకి తిరుగుతాయి. అప్పుడు నీళ్లు మార్చడంతోపాటు లీటరుకి ఒక గ్రాము లెక్కన కల్లుప్పు, మీకు 50 గ్రాములు, నీళ్లలో కరిగించి రోజంతా కొంచెం కొంచెంగా కలపండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. గప్పీలకు ఈ మోతాదు ఇబ్బంది కాదు. తర్వాత మార్చిన నీళ్లకు సరిపడా ఉప్పు మాత్రమే కలపాలి, మళ్లీ మొత్తం కాదు.

ఈ ఆరు వారాలు తగ్గించుకునే దారి ఒకటుంది. చేపలు ఆరోగ్యంగా ఉన్న ఏ స్నేహితుల ట్యాంకులోంచైనా పాత ఫిల్టర్ స్పాంజి ముక్క తెచ్చి, తడి ఆరకుండా మీ ఫిల్టర్‌లో పెట్టండి. వాళ్ల దగ్గర జబ్బు చేపలుంటే మాత్రం వద్దు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా చూపించాకే కొత్త చేప కొనండి, అదీ ఒకేసారి రెండుకు మించకుండా. గట్టి నీళ్లకు గప్పీలు, ప్లాటీలు బాగా సరిపోతాయి. మగవాటినే ఎంచుకోండి, ఆడవి కలిస్తే నెలకోసారి పిల్లలు పెట్టి ట్యాంక్ నిండిపోతుంది. ఏంజెల్స్ ఇంకోసారి వద్దు, పెరిగాక ఎత్తు కావాలి, చిన్న గప్పీలను మింగేస్తాయి. తెచ్చిన కవరును పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత ట్యాంక్ నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ ఇంకో పావుగంట ఆగి, చేపను మాత్రమే వలతో వేయండి. షాపు నీళ్లు మీ ట్యాంకులో పోయకండి.

ఇవన్నీ చేసినా ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు, దూదిలాంటి బూజు, రెక్కలు కుళ్లడం కనిపిస్తే అప్పుడు అది జబ్బు. ఫొటో తీసుకుని పశువైద్యులకు చూపించండి. యాంటీబయాటిక్ పొడులు మీ అంతట మీరు వేయకండి.

చివరిగా ఇంట్లో వాళ్ల కోసం ఒక మాట. పైపుతో నీళ్లు తీసేటప్పుడు నోటితో పీల్చకండి, బాబు చేత అసలు చేయించకండి. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకుని చేయి పెట్టండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. అక్వేరియం నీళ్లలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా గాయంలో చేరితే వారాలైనా మానని గడ్డ వస్తుంది. అలాంటిది కనిపిస్తే చర్మవైద్యులకు ఇంట్లో అక్వేరియం ఉందని ముందే చెప్పండి.