సాసేజ్, పేగు క్యాన్సర్: ఆ 18% దేనిలో?

> "రోజూ సాసేజ్ తింటే పేగు క్యాన్సర్ రిస్క్ 18% పెరుగుతుందట. అంటే వందలో 18 మందికి వస్తుందా? టెన్షన్‌గా ఉంది."

కాదండీ, ఆ 18% మనుషుల లెక్క కాదు, అసలు ఉన్న రిస్క్ మీద పెరుగుదల. 2015లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ చెప్పింది రోజూ తినే ప్రతి 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసానికి.

1. తినకపోతే ఎంతమందికి వస్తుందో ముందు పట్టుకోండి. అందరూ వదిలేసేది ఇదే, హెడ్‌లైన్ రాసేవాళ్లు కూడా (కావాలనే అనుకుంటా). బ్రిటన్‌లో జీవితకాలం మొత్తం మీద వందకి సుమారు 6గురు.
2. ఆ 6లో 18% అంటే 1.08. అంటే 6 కాస్తా 7 అయింది, 24 కాలేదు.
3. ఇక వాక్యం ఇలా మార్చండి: "రోజూ 50 గ్రాములు తినే వందమంది బ్రిటన్‌వాళ్లలో జీవితకాలంలో సుమారు 7గురికి, తినని వందమందిలో 6గురికి పేగు క్యాన్సర్ రావచ్చు."

వందమంది, ఎంతకాలం, ఈ రెండూ రెండు వైపులా ఒకేలా ఉండాలి; మారాల్సింది మోతాదు ఒక్కటే.

మన దేశంలో ఈ క్యాన్సర్ బ్రిటన్ కంటే బాగా తక్కువ కాబట్టి, అదే 18% వేసినా పెరిగేది వందకి ఒకరి కంటే తక్కువే. వార్తలో మొదటి అంకె లేకపోతే 18% పెద్దదో చిన్నదో ఎవరూ చెప్పలేరు.