రాని రోజులకు ఫీజు తగ్గించకు

చెల్లీ, ఇంట్లో డేకేర్ పెడుతున్నావు, నెలకు ఒక్కో పిల్లకు ఎంత తీసుకోవాలని అడిగావు. పక్క డేకేర్ రేటు కనుక్కుని, అందులో కాస్త తగ్గించి చెప్పేద్దామన్నావు చూడు, మొదట్లో నేనూ అదే చేశాను. ఆ ఏడాది నాకు మిగిలింది సున్నా.

ఏ వయసు పిల్లలు ఎంతమందికి ఒక ఆయా ఉండాలో లైసెన్సు ఆఫీసు చెబుతుంది, చూసుకో. నాకు పసివాళ్లు ఎనిమిది మంది, నలుగురికి ఒకరు చొప్పున ఇద్దరు ఆయాలు. అంకెలు గుండ్రంగా చెబుతున్నా, వాటికి మీ దేశం డబ్బు తగిలించుకో. ఒక్కో ఆయాకు నెలకు 2,400, ఇద్దరికీ 4,800తో సరిపోతుందనుకున్నాను. మన తలుపు తెరిచి ఉండేది పది గంటలు, మనిషి చేసేది ఎనిమిది. ఆ మిగతా రెండు గంటలకూ ఎవరో ఒకరు ఉండాలి కదా! అంటే ఒక్కో ఆయా చోటుకు 3,000, సెలవుల్లో వచ్చే బదులు మనిషికి ఇంకో 300. రెండు చోట్లకు 6,600. అద్దె, బీమా, కరెంటు 1,200. మొత్తం 7,800. ఆ ఇద్దరిలో నువ్వొకదానివైతే నీ జీతమూ ఇందులోదే, మర్చిపోకు.

ఎనిమిదితో భాగిస్తే 975. నువ్వు ఏడుతో భాగించు, దాదాపు 1,115 వస్తుంది. ఒక పిల్ల మానేస్తే ఆ చోటు నిండడానికి నెలో రెండు నెలలో పడుతుంది. తిండి రోజుకు 6, ఇరవై రోజులకు 120. అది విడిగా రాయి, పాలసీసా ఇంటి నుంచే తెచ్చే పిల్లకు వేయకు.

నన్ను ముంచింది మాత్రం రాని రోజులు. 975కి తిండి 120 కలిపి, ఇరవైతో భాగించి, వచ్చిన రోజుకు 55 అన్నాను. తల్లిదండ్రులు తెగ సంతోషించారు. చలికాలంలో ఒక నెల ఒక్కో పిల్ల మూడేసి రోజులు రాలేదు, మొత్తం 24 రోజులు. పోయింది 1,320, తిండిలో మిగిలింది 144. ఆయాను ఇంటికి పంపేద్దామా అంటే, అయిదుగురు వచ్చినా ఇద్దరు ఉండాల్సిందే. నలుగురే వచ్చిన రోజూ ఆమెకు ఒప్పుకున్న గంటల జీతం ఇవ్వాల్సిందే.

అందుకే ఫీజు చోటుకు, హాజరుకు కాదు. ముందురోజు సాయంత్రంలోగా చెబితే తిండి 6 వెనక్కిస్తాను. పొద్దున్న చెబితే ఇవ్వను, అప్పటికి వంట అయిపోతుంది. నెల రోజులు ఊరెళ్తాం, ఫీజు వద్దనేవాళ్లు ఉంటారు, మనవాళ్లే ఎక్కువ. చోటు ఉంచమంటే 1,115 కట్టాలి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తానని చేరిన రోజే కాగితం మీద సంతకం తీసుకో.

ఇంకొకటి, ఎవరో బతిమాలారని తొమ్మిదో పిల్లను చేర్చుకోకు. వచ్చేది 1,115, మూడో ఆయా చోటుకు పోయేది 3,300. నేను చేర్చుకున్నాను, స్నేహితురాలి కూతురని.