మీ పేరు వెతికితే మీ పని కనిపించాలంటే, దానికి డబ్బు పోయనక్కరలేదు

ప్రశ్న: ఉద్యోగ ప్రయత్నాల కోసం ఈ మధ్యే విదేశానికి వచ్చాను. నా పేరు గూగుల్‌లో వెతికితే అదే పేరున్న ఇతరులే కనిపిస్తున్నారు. నా పని చూపించే పేజీ ఒకటి చేయించుకోవాలనుకుంటున్నాను. ఎవరికి అప్పగించాలి? ఎంత ఖర్చుకు సిద్ధపడాలి?

జవాబు: ఎవరికీ అప్పగించకండి, ఖర్చుకు అసలే సిద్ధపడకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాదిలోనే నేను ఇదే పనిని ఒక వెబ్ డిజైన్ సంస్థ చేతిలో పెట్టాను. జీతం ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో, కూడబెట్టుకున్న దాంట్లో పెద్ద భాగం అక్కడికే పోయింది. వాళ్లు చేసిచ్చిన పేజీ చూడటానికి చాలా బాగుంది. తెర నిండా ఫొటో, దాని మీద నా పేరు, కిందికి జరిపితే కదిలే బొమ్మలు. మూడు నెలలు గడిచినా, పేరు వెతికితే మాత్రం ఆ పేజీ రాలేదు. అడిగితే ర్యాంకింగ్ ప్యాకేజీ తీసుకోవాలన్నారు. నెలనెలా అదీ కట్టాను.

చివరికి ఒక సహోద్యోగి నా పక్కన కూర్చుని, ఆ పేజీ తెరిచి, Ctrl+U నొక్కి, పేజీ వెనక ఉండే కోడ్, అంటే సోర్స్ చూపించాడు. అందులో నా పేరు వెతకమంటే వెతికాను. ఒక్కచోట కూడా లేదు. పేరు అక్షరాలుగా కాక, ఫొటోలో భాగంగా ఉండిపోయింది. పేజీ టైటిల్ దగ్గర Home అన్న ఒక్క మాటే ఉంది. అన్నిటికంటే బాధ కలిగించింది పైభాగంలో ఉన్న ఈ వరుస:

```html
<meta name="robots" content="noindex">
```

పేజీ తయారవుతున్నంత కాలం బయటివారికి దొరకకుండా ఉండాలని ఈ వరుస పెడతారు, పని పూర్తయ్యాక తీసేయాలి. వాళ్లు తీయలేదు. ఈ వరుస ఉన్న పేజీని గూగుల్ చదివినా ఫలితాల్లో చేర్చదు. ర్యాంకింగ్ కోసం నేను కట్టిన డబ్బంతా, ఫలితాల్లోకే రాని పేజీకి కట్టిన డబ్బు. అందుకే ఎవరు చేసిన పేజీ అయినా మొదట Ctrl+U నొక్కి, మీ పేరు ఉందో లేదో, noindex ఉందో లేదో మీరే చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఖర్చు లేని మార్గం చెబుతాను. కోడ్ ఫైళ్లు దాచుకోనిచ్చే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, `username.github.io` అనే పేరుతో పబ్లిక్ రిపాజిటరీ, అంటే అందరికీ కనిపించే ఫైళ్ల ఫోల్డరు ఒకటి సృష్టించండి. username ఉన్నచోట మీ ఖాతా పేరే ఉండాలి. అందులో `index.html` అనే ఫైలు పెడితే, కొద్దిసేపట్లో అదే చిరునామాలో మీ పేజీ తెరుచుకుంటుంది. ఖాతా పేరును మీ అసలు పేరుకు దగ్గరగా ఎంచుకోండి, ఎందుకంటే అదే చిరునామా అవుతుంది. ఫైలులో తప్పనిసరిగా ఉండవలసినవి ఈ రెండే:

```html
<title>మీ పేరు – మీ వృత్తి</title>
<h1>మీ పేరు</h1>
```

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది, నేనూ చేశాను. రెజ్యూమేలో ఇంటిపేరు పొడి అక్షరంగా, లింక్డ్‌ఇన్‌లో పూర్తిగా, పేజీలో అసలు లేకుండా రాశాను. దానికి తోడు Srinivas, Sreenivas అన్నట్లుగా ఒకే పేరుకు రెండు స్పెల్లింగులు. వెతికేవారు రెజ్యూమేలో ఉన్న అక్షరాలనే కొడతారు. కాబట్టి రెజ్యూమేలో ఏ వరుసలో, ఏ స్పెల్లింగుతో ఉందో, టైటిల్‌లోనూ ప్రొఫైళ్లలోనూ అచ్చంగా అలాగే ఉంచండి. మీది బాగా వాడుకలో ఉన్న పేరైతే, పేరు ఒక్కటే కొట్టినప్పుడు మొదటి స్థానంలో వస్తుందని ఆశ పెట్టుకోకండి, వస్తుందని హామీ ఇచ్చేవారిని నమ్మకండి. పేరుతో పాటు వృత్తినో, పనిచేసిన సంస్థనో కలిపి వెతికినప్పుడు దొరికితే చాలు. ఆ మాటలు మీ పేజీలో అక్షరాలుగా ఉండాలన్నది అందుకే.

పేజీలో ఏం పెట్టాలన్నది తర్వాతి సంగతి. నా పాత పేజీలో "డేటా విశ్లేషణలో విస్తృత అనుభవం" అని రాసి ఉండేది. దాన్ని చదివి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. తర్వాత అది తీసేసి ఒకే ఒక్క పనిని వివరంగా పెట్టాను. నగర బస్సుల రాకపోకల సమయాలను రవాణా సంస్థ అందరికీ అందుబాటులో ఉంచిన సమాచారం నుంచి తీసుకుని, ఏ మార్గంలో ఏ గంటకు ఆలస్యం ఎక్కువగా ఉంటుందో చూపే గ్రాఫ్ గీశాను. ప్రశ్న ఏమిటి, సమాచారం ఎక్కడిది, అందులో లోపించిన వరుసలను ఏం చేశాను, నా లెక్క ఎక్కడ నమ్మదగినది కాదు అన్నవి నాలుగు పేరాల్లో రాసి, కోడ్‌కు లింకు ఇచ్చాను. తర్వాతి ఇంటర్వ్యూలో సగం సమయం ఆ లోపించిన వరుసల మీదే గడిచింది. అంతకుముందు ఒకసారి, నేను పనిచేస్తున్న సంస్థ కంప్యూటర్ తెరల ఫొటోలు పేజీలో పెట్టి, వెంటనే తీసేయమని వాళ్లచేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాను. యజమాని సమాచారం జోలికి పోకండి. అలాగే "బయటి పనులు చేసిపెడతాను" అని రాసేముందు మీ వీసా షరతులు అందుకు ఒప్పుకుంటాయో లేదో అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి.

పేజీ సిద్ధమైనంత మాత్రాన గూగుల్‌కు తెలియదు. లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ ప్రొఫైళ్లలో వెబ్‌సైట్ అని ఉన్న చోట మీ చిరునామా పెట్టండి. తర్వాత, వెబ్‌సైట్ ఉన్నవారి కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో ఆ చిరునామాను చేర్చి, అది మీదేనని నిర్ధారించండి. అది ఇచ్చే చిన్న ఫైలును మీ రిపాజిటరీలో పెడితే సరిపోతుంది. పైన ఉన్న పెట్టెలో పేజీ చిరునామా కొడితే, పేజీ గూగుల్‌లో చేరిందో లేదో, చేరకపోతే ఎందుకు చేరలేదో చూపిస్తుంది. నా విషయంలో noindex సంగతి అక్కడ మొదటిరోజే కనిపించి ఉండేది. అక్కడే చేర్చమని అభ్యర్థన పంపవచ్చు. కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు, త్వరగా చేయిస్తామని అడిగేవారికి అసలు కట్టకండి.

సొంత డొమైన్, అంటే github.io లేకుండా మీకంటూ ఉండే చిరునామా, ఆ ఒక్కదానికి మాత్రం, తర్వాత ఎప్పుడైనా, కొద్దిగా ఖర్చు పెట్టవచ్చు. నా మొదటి డొమైన్‌ను ఆ డిజైన్ సంస్థ తన పేరు మీదే నమోదు చేసింది. నేను నెలవారీ డబ్బు ఆపిన రోజున పేజీతో పాటు చిరునామా కూడా చేజారింది. రెండోసారి నా పేరు మీదే కొన్నాను, కానీ ఆఫీసు ఈమెయిల్ ఇచ్చాను. ఉద్యోగం మారాక గడువు దగ్గరపడిందన్న హెచ్చరికలు నాకు అందలేదు, బ్యాంకు మార్చడంతో పాత కార్డు పనిచేయలేదు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మామూలు రుసుము కంటే చాలా ఎక్కువ కట్టవలసి వచ్చింది. కొంటే మీ పేరు మీద, ఎప్పటికీ మారని సొంత ఈమెయిల్‌తో కొనండి. కార్డు మార్చిన రోజే డొమైన్ ఖాతాలోనూ మార్చండి. అప్పటివరకు github.io చిరునామానే రెజ్యూమే పైభాగంలో, ఫోన్ నంబరు పక్కన రాయండి.