ఫ్రీడ్‌మన్ పరీక్ష తరువాత జంటలను ఏ పరీక్షతో పోల్చాలి?

ప్రశ్న: ఒకే వ్యక్తులతో మూడు పరిస్థితుల్లో 1 నుంచి 7 వరకు ఉన్న స్కేలు మీద రేటింగులు తీసుకున్నాను. రిపీటెడ్ మెజర్స్ అనోవాకు కావలసిన షరతులు నెరవేరలేదు. ఫ్రీడ్‌మన్ పరీక్ష చేసి, తేడా కనిపిస్తే జంటలవారీగా విల్‌కాక్సన్ చేస్తే సరిపోతుందా?

జవాబు:

ముందుగా, విఫలమైన షరతు ఏదో చూసుకోండి. స్ఫెరిసిటీ ఒక్కటే దెబ్బతిని ఉంటే, అంటే జంటల తేడాల విస్తృతులు సమానంగా లేకపోవడమే సమస్య అయితే, అనోవాను వదిలిపెట్టవలసిన అవసరం లేదు. గ్రీన్‌హౌస్–గైసర్ సవరణతో స్వతంత్రతాంకాలను తగ్గించి అదే విశ్లేషణను కొనసాగించవచ్చు. అనవసరంగా ఫ్రీడ్‌మన్‌కు మారితే నష్టం చిన్నది కాదు. దత్తాంశం నిజంగా సామాన్య విభాజనాన్ని అనుసరించేటప్పుడు, మూడు పరిస్థితుల ఫ్రీడ్‌మన్ పరీక్ష సామర్థ్యం అనోవాతో పోలిస్తే సుమారు 72 శాతమే ఉంటుంది. రేటింగులు స్కేలు చివర 6, 7 దగ్గర కుప్పపడినప్పుడు, కొద్దిమందే ఉండి అవశేషాలు బాగా ఒకవైపు ఒరిగినప్పుడు, లేదా 2కు 3కు మధ్య దూరం 6కు 7కు మధ్య దూరంతో సమానమని మీరు నమ్మలేనప్పుడు ఫ్రీడ్‌మన్ సరైన దారి. ఈ మూడో కారణాన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీ ప్రశ్నలోని విల్‌కాక్సన్ సంగతి దాని మీదే ఆధారపడి ఉంది.

నేను కూడా సరిగ్గా మీరు చెప్పిన పద్ధతినే అనుసరించి, తరువాత నా ముగింపును మార్చుకోవలసి వచ్చింది. పదిమంది ఒకే పాఠ్యాన్ని మూడు రకాల తెర అమరికల్లో చదివి, చదవడం ఎంత సౌకర్యంగా ఉందో రేటింగు ఇచ్చారు. ఒక్కొక్కరికి అమరికలను వేర్వేరు వరుసల్లో చూపించాను. వచ్చిన అంకెలు ఇవి:

```r
d <- data.frame(
  A = c(4,3,5,2,4,5,6,3,4,1),
  B = c(5,5,5,4,3,6,7,6,6,5),
  C = c(7,6,7,4,6,7,7,5,7,7))
friedman.test(as.matrix(d))
```

ఫ్రీడ్‌మన్ పరీక్ష ప్రతి వ్యక్తి వరుసను విడిగా తీసుకుని, ఆ వరుసలోని మూడు రేటింగులకు 1, 2, 3 అని ర్యాంకులు ఇస్తుంది. ఒక వ్యక్తి ఉదారంగా, మరొకరు పిసినారితనంతో రేటింగు ఇచ్చినా ఆ తేడా ఇక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. మూడో వ్యక్తి 5, 5, 7 ఇచ్చారు కాబట్టి మొదటి రెండూ 1, 2 ర్యాంకులను పంచుకుని చెరి 1.5 పొందుతాయి. ఈ విధంగా పదిమందికీ చేసి నిలువుగా కూడితే ఎ కు 11.5, బి కి 20.5, సి కి 28 వస్తాయి. మొత్తం 60 కావాలి, అయింది. చేత్తో లెక్కించేవారు ఈ మొత్తాన్ని తప్పక సరిచూసుకోవాలి.

సూత్రం ప్రకారం మొదట వచ్చే విలువ 13.65. సమాన రేటింగులు మూడు వరుసల్లో ఉన్నందున దానిని 0.925తో భాగించాలి, అప్పుడు 14.76 వస్తుంది. చేతి లెక్కకు, కంప్యూటర్ ఫలితానికి పొంతన కుదరకపోతే చాలాసార్లు కారణం ఈ సవరణే. స్వతంత్రతాంకాలు 2, పి-విలువ సుమారు 0.0006. కెండాల్ డబ్ల్యూ కావాలంటే 14.76ను వ్యక్తుల సంఖ్య, పరిస్థితుల సంఖ్యలో ఒకటి తక్కువ, ఈ రెండింటి లబ్ధంతో, అంటే 20తో, భాగిస్తే 0.74 వస్తుంది. మూడు అమరికలను ఏ వరుసలో ఇష్టపడతారన్న విషయంలో ఆ పదిమంది మధ్య ఏకీభావం బలంగానే ఉందని దాని అర్థం.

ఇక జంటల పోలిక. నేను విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పరీక్ష చేశాను. ఖచ్చితమైన పి-విలువలు ఎ–సి జంటకు 0.002, ఎ–బి జంటకు 0.020, బి–సి జంటకు 0.039. ఒకేసారి మూడు పోలికలు చేస్తున్నందుకు చేసే హోల్మ్ సవరణ తరువాత అవి 0.006, 0.039, 0.039 అయ్యాయి. మూడు జంటల్లోనూ సార్థకమైన తేడా ఉందని రాసేశాను. ఆ నివేదిక చదివిన ఒక పరిశీలకురాలు, స్కేలు దూరాలను నమ్మలేకనే అనోవాను వదిలానని ఒక పేరాలో చెప్పి, తరువాతి పేరాలో అవే దూరాలను ఎలా వాడానని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

విల్‌కాక్సన్ ఏం చేస్తుందో ఎ–బి జంటలోనే చూడండి. పదో వ్యక్తి 1 నుంచి 5కు వెళ్లారు, ఐదో వ్యక్తి 4 నుంచి 3కు దిగారు. విల్‌కాక్సన్ ఒకరి తేడాను మరొకరి తేడాతో పోల్చి, మొదటిదానికి 9వ ర్యాంకు, రెండోదానికి 2.5వ ర్యాంకు ఇస్తుంది. అంటే వ్యతిరేకంగా చెప్పిన ఆ ఒక్క మనిషి మాటకు బరువు బాగా తగ్గిపోతుంది. వేర్వేరు మనుషుల తేడాలు ఒకే కొలబద్ద మీద ఉన్నాయన్న నమ్మకం ఉంటేనే ఇది న్యాయం. ఫ్రీడ్‌మన్ ఆ నమ్మకాన్ని అడగదు. పరిస్థితులు రెండే ఉన్నప్పుడు ఫ్రీడ్‌మన్ పరీక్ష, తేడా ఎటువైపు ఉందో మాత్రమే లెక్కించే సైన్ టెస్టుగా మారుతుంది, విల్‌కాక్సన్‌గా కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అందుకే అదే దత్తాంశం మీద సైన్ టెస్టు చేశాను. సమానంగా ఇచ్చినవారిని పక్కన పెడితే, తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఎ కంటే బి కి ఎక్కువ ఇచ్చారు, ఎనిమిదిమందిలో ఏడుగురు బి కంటే సి కి ఎక్కువ ఇచ్చారు, పదిమందీ ఎ కంటే సి కి ఎక్కువ ఇచ్చారు.

```r
p <- c(binom.test(8, 9)$p.value,
       binom.test(7, 8)$p.value,
       binom.test(10, 10)$p.value)
p.adjust(p, method = "holm")
```

సవరణ తరువాత మొదటి రెండు జంటలకూ 0.078, ఎ–సి జంటకు 0.006 వచ్చాయి. మూడు సార్థకమైన తేడాల్లో ఒక్కటే మిగిలింది. నెమెన్యీ పద్ధతి కూడా ఇదే చెప్పింది: పదిమందికి, మూడు పరిస్థితులకు సగటు ర్యాంకుల మధ్య కనీసం 1.05 తేడా ఉండాలి. ఎ–సి మధ్య 1.65, ఎ–బి మధ్య 0.90, బి–సి మధ్య 0.75 మాత్రమే ఉన్నాయి. అయినా నేను నెమెన్యీ కంటే సైన్ టెస్టునే ఇష్టపడతాను. ఐదో వ్యక్తి వరుసలో బి, సి ల ర్యాంకుల మధ్య దూరం 2 కావడానికి కారణం ఎ వాటి మధ్యలో పడటమే. రెండింటి పోలికలో మూడోదాని రేటింగు ఇలా జోక్యం చేసుకోవడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి విల్‌కాక్సన్ తప్పని నేను చెప్పడం లేదు. తేడాల పరిమాణాన్ని, వాటి విభాజనపు సౌష్ఠవాన్ని మీరు సమర్థించగలిగితే దానిని వాడండి, అది ఎక్కువ తేడాలను పట్టుకుంటుంది. అయితే ఆ నిర్ణయం రేటింగులు చూడకముందే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే పైన చూసినట్లు రెండు దారులు వేర్వేరు ముగింపులకు చేరుస్తాయి.

మరో జాగ్రత్త. ఫ్రీడ్‌మన్ శూన్య పరికల్పన ప్రకారం ఒక వ్యక్తి వరుసలో ఏ క్రమమైనా సమాన సంభావ్యతతో వస్తుంది. కాబట్టి ఫలితం సార్థకమైతే మధ్యగతాలు వేరని రాయకండి, ఒక పరిస్థితికి ర్యాంకులు మరొకదాని కంటే ఎక్కువగా వస్తున్నాయని రాయండి. నా నివేదికలో చివరికి సి కి ఎ కంటే ఎక్కువ రేటింగు వచ్చిందని, బి విషయం ఈ పదిమందితో తేలలేదని రాశాను. బి మిగతా రెండింటితో సమానమని మాత్రం రాయలేదు, ఎందుకంటే 9లో 8 మంది ఒకే వైపు మొగ్గిన దత్తాంశం సమానత్వానికి సాక్ష్యం కాదు.