ప్రపోజల్ మెయిల్‌లో గడువు, ధర

ఎక్స్‌ప్లెయినర్ వీడియో కోసం కంపెనీకి పంపే ప్రపోజల్ మెయిల్‌లో గడువు, ధర ఎలా రాయాలి?

గడువును ఒకే తేదీగా కాక, ప్రతి దశకూ ముందు దశ ఆమోదం అందిన నాటి నుంచి లెక్కించే పనిదినాలుగా రాసి, చెల్లింపులను కూడా ఆ దశలకే ముడిపెట్టాలి. దృశ్యాల నిడివి వాయిస్ ఓవర్‌ను బట్టి కుదురుతుంది కనుక, రికార్డింగ్ అయ్యాక స్క్రిప్టులో ఒక్క వాక్యం మారినా మళ్లీ రికార్డు చేసి, తరువాతి దృశ్యాలన్నిటినీ జరపవలసి వస్తుంది. ఉదాహరణకు, 60 సెకన్ల వీడియో ధర 60,000 రూపాయలైతే ఇలా రాయవచ్చు: “స్క్రిప్టుకు 3, స్టోరీబోర్డుకు 4, వాయిస్ ఓవర్‌కు 2, యానిమేషన్‌కు 10 పనిదినాలు పడతాయి; ప్రతి దశకూ ఇవి ముందు దశ ఆమోదం అందిన నాటి నుంచి లెక్క. అడ్వాన్సుగా 24,000, స్టోరీబోర్డు ఆమోదించాక 18,000, తుది ఫైలుకు ముందు 18,000 చెల్లించగలరు. ప్రతి దశలో రెండు విడతల సవరణలు ఈ ధరలోనే ఉంటాయి.” సెకనుకు ఇంత అని చెబితే చాలని చాలామంది అనుకుంటారు గాని, నిడివి ఒకటే అయినా, కదిలే అక్షరాల వీడియో కంటే పెదవులు కదుపుతూ మాట్లాడే పాత్రలున్న వీడియోకు పని చాలా ఎక్కువ.