గుళికలతో చావదు ఏలికపాము

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబుకి ఆగస్టు 10న అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర వేశారు. నెలాఖరులో పది రోజులు పొడి దగ్గు, పిల్లికూతలు. మొన్న నవంబరులో దొడ్డికి జానెడు పాము పడింది. మాత్ర నకిలీదా? దూడకీ ఏలికపాములున్నాయి, దాన్నుంచి అంటిందా? షాపాయన ఆకుకూర మడిలో నులిపురుగుల గుళికలు చల్లమన్నాడు. ఆషాఢంలో ఆ మడికి సెప్టిక్ ట్యాంకు మడ్డి తోలించాం.
– ఒక రైతు, మంగళగిరి మండలం

జవాబు: దూడని వదిలేయండి. దాని పాము వేరే జాతి, తల్లి పాలతో దూడకి వస్తుంది. మాత్రా మంచిదే. తప్పు ఆ మడ్డిది.

ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడి మడ్డిలో చేరతాయి, తడి నేలలో రెండు మూడు వారాలుంటే గానీ అంటుకునే దశకు రావు. మీ బాబు మడిలో ఆడి, చేతులు కడగకుండా తిన్నాడనుకోండి. పేగులో గుడ్డు పగిలి, పిల్ల పురుగు రక్తంలో పడి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడ పది పద్నాలుగు రోజులు పెరిగి, గొంతులోకి పాకి, మింగుడుపడి మళ్లీ పేగుకొస్తుంది. ఆ దగ్గు బహుశా ఇదే. మాత్ర పేగులో ఉన్న పాముల మీదే బాగా పనిచేస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నవి, తర్వాత మింగినవి తప్పించుకుంటాయి. గుడ్డు మింగిన రెండు మూడు నెలలకు పాము పెద్దదవుతుంది. మీ తేదీలు అచ్చంగా సరిపోయాయి.

ఇప్పుడు డాక్టరుకు చూపించి ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర నమిలించండి. ఏడాది దాటి రెండేళ్ల లోపు పిల్లలకైతే సగమే. కడుపుబ్బి, వాంతులవుతుంటే మాత్ర వేయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి, పాములు ఉండచుట్టి పేగుకు అడ్డుపడి ఉండొచ్చు. రెండు నెలల తర్వాత మల పరీక్ష చేయించండి. ఒకటి రెండు పాములతో పిల్లాడి ఎదుగుదల ఆగదు. పదుల్లో ఉంటే మాత్రం ఆకలి చచ్చిపోతుంది, తిన్నదాంట్లో విటమిన్ ఏ సరిగా ఒంటికి పట్టదు. అంగన్‌వాడీ బరువు చార్టులో ఆగస్టు నుంచి గీత పైకి లేవకపోతే అనుమానించాల్సిందే. పాములు పోయినా, తిండి పెంచకపోతే ఆ గీత దానంతటది లేవదు.

ఇక షాపాయన సంగతి. మొక్కల వేర్లలో బుడిపెలు కట్టించేదాన్నీ, పిల్లల కడుపులోదాన్నీ మనం నులిపురుగే అంటాం, ఆయన ఆ పేరు పట్టుకుని అమ్మేస్తున్నాడు! ఏలికపాము గుడ్డు పెంకు గుళికలకు లొంగదు, బ్లీచింగ్‌కీ లొంగదు. పాతిక రోజులకు కోసే తోటకూరలో విషం మిగలడమే లాభం. నేలలో ఆ గుడ్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. కాబట్టి ఆ మడిలో ఆకుకూరలు, ముల్లంగి మానేసి, పచ్చిమేతకు జొన్న వేయండి. బాబుని అటు పోనివ్వకండి. ఉన్న కూరను రైతుబజారుకు పంపకండి. పచ్చి మడ్డి మళ్లీ తోలొద్దు. గుడ్లను చంపేది వేడే: మడ్డిలో పేడ, చెత్త కలిపి కుప్పవేస్తే లోపల 55 డిగ్రీలు కొన్ని రోజులు నిలవాలి, అంచులు లోపలికి వచ్చేలా మూడు నాలుగుసార్లు తిరగేయాలి. కుప్ప మధ్యలో ఇనుప కమ్మీ పావుగంట గుచ్చి తీసి పట్టుకోండి. చెయ్యి కాలక గోరువెచ్చగానే ఉంటే ఆ ఎరువు పొలానికి పనికిరాదు.